మెట్లెక్కితే దడ, ఆయాసం: రక్తహీనతలో నాడినీ ఊపిరినీ కలిపి ఎలా చూడాలి

మా వదిన వాళ్లది రెండో అంతస్తు. లిఫ్ట్ లేదు, మొత్తం 34 మెట్లు. నిరుడు ఎండాకాలంలో ఆవిడ కూరగాయల సంచితో పైకొచ్చి, ఏమీ మాట్లాడకుండా కుర్చీలో కూలబడేది. "ఏమైంది వదినా?" అంటే చెయ్యి ఎత్తి ఆగమనేది. రెండు నిమిషాలు పోయాక, "గుండె గొంతులోకి వచ్చి కొట్టుకుంటోందే" అనేది. దగ్గర్లోని ఒక క్లినిక్‌లో చూపిస్తే ఈసీజీ తీశారు, వేలికి ఆక్సీమీటర్ పెట్టారు. ఆక్సిజన్ 98 శాతం ఉంది, గుండె బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి అని గ్యాస్ మాత్రలు రాశారు. రక్తపరీక్ష మాత్రం రాయలేదు.

నేను నర్సుని. అయినా ఆ 98 నన్నూ ఒక వారం పాటు మోసం చేసింది. అందుకే ముందు ఆ అంకె సంగతి చెప్పి, తర్వాత ఇంట్లో ఏం కొలవాలో, ఎలా కొలవాలో చెబుతాను.

ముందు లెక్క అర్థం చేసుకోండి

బావి నుంచి ఇంటికి పదిమంది బిందెలతో నీళ్లు మోస్తున్నారనుకోండి. అందులో ఐదుగురు మానేశారు. మిగిలిన ఐదుగురి బిందెలూ అంచుదాకా నిండే వస్తున్నాయి. ఆక్సీమీటర్ చూసేది బిందె నిండిందా లేదా అన్నదొక్కటే. మోసేవాళ్లు ఎంతమంది ఉన్నారో దానికి తెలియదు. రక్తహీనతలో ఊపిరితిత్తులు బాగానే ఉంటాయి కాబట్టి, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్ ఎంత ఉంటే అంతా నిండుగానే బయల్దేరుతుంది. అందుకే హిమోగ్లోబిన్ 7 ఉన్న మనిషి వేలికి పెట్టినా 98 చూపిస్తుంది. అది తప్పు అంకె కాదు, మనం అడగాల్సిన ప్రశ్నకు జవాబు కాదు, అంతే.

ఇంట్లో నీళ్ల వాడకం తగ్గలేదు, మోసేవాళ్లు సగమయ్యారు. అప్పుడు ఉన్నవాళ్లు ఎక్కువ సార్లు తిరగాలి. గుండె చేసేది అదే.

కొన్ని అంకెలు చూద్దాం. ఒక గ్రాము హిమోగ్లోబిన్ సుమారు 1.34 మి.లీ. ఆక్సిజన్ మోస్తుంది. హిమోగ్లోబిన్ 13, అంటే 100 మి.లీ. రక్తంలో 13 గ్రాములు ఉంటే, లీటరు రక్తంలో దాదాపు 170 మి.లీ. ఆక్సిజన్ ఉంటుంది. 7 ఉంటే 90 మాత్రమే. ఊరికే కూర్చున్నప్పుడు ఒంటికి కావాల్సింది నిమిషానికి 200 నుంచి 250 మి.లీ., గుండె తోసేది సుమారు 5 లీటర్లు. అంటే 7 ఉన్నా కూర్చున్నంతసేపూ గడిచిపోతుంది. అందుకే చాలామంది ఇంట్లో కూర్చుని, "నాకేం లేదు" అంటారు.

ఇప్పుడు మెట్లెక్కండి. 55 కిలోల మనిషి నింపాదిగా మెట్లెక్కడానికి ఉజ్జాయింపుగా నిమిషానికి 750 మి.లీ. ఆక్సిజన్ ఖర్చవుతుంది. హిమోగ్లోబిన్ 13 ఉన్నావిడ గుండె 8 లీటర్లు తోస్తే 1,360 మి.లీ. అందుతుంది. అందులో సగానికి కొంచెం ఎక్కువ వాడుకుంటే సరిపోతుంది. అదే 8 లీటర్లు 7 ఉన్నావిడ తోస్తే అందేది 720. ఖర్చు కంటే తక్కువ. పైగా రక్తంలో ఉన్నదంతా కండరం పిండుకోలేదు, కొంత తిరిగి గుండెకే పోతుంది. కాబట్టి ఆవిడ గుండె 12 లీటర్ల దాకా తోయాలి. ఒక్కో కొట్టుకు 80 మి.లీ. రక్తం బయటికి వస్తుందనుకుంటే, మొదటావిడకు నిమిషానికి 100 కొట్లు చాలు. రెండో ఆవిడకు 150 కావాలి. అవే మెట్లు, అదే వేగం.

మరి ఆయాసం ఎందుకు? ఇక్కడ చాలామంది పొరబడతారు. గాలి చాలక కాదు. కాళ్ల కండరాలకు ఆక్సిజన్ తొందరగా కరువై లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. ఆ ఆమ్లాన్ని కార్బన్ డయాక్సైడ్ రూపంలో బయటికి పంపడానికి మెదడు ఊపిరిని వేగం చేస్తుంది. గట్టిగా ఊపిరి పీల్చినంత మాత్రాన రక్తంలోకి అదనంగా ఆక్సిజన్ ఎక్కదు, బిందెలు ముందే నిండి ఉన్నాయి కదా. "ప్రాణాయామం చెయ్యి, తగ్గుతుంది" అన్న సలహా వదినకు పనిచేయకపోవడానికి కారణం ఇదే.

అంటే దడ, ఆయాసం రెండు వేర్వేరు జబ్బులు కావు. ఒకే కొరతకు గుండె ఒక జవాబు చెబుతోంది, ఊపిరి ఇంకొకటి చెబుతోంది. రెండూ కలిసి పెరిగి, కలిసి దిగుతున్నాయా అన్నదే ఇంట్లో మనం చూడాల్సింది.

ఈ పరీక్ష ఎవరు చేయకూడదు

కూర్చున్నప్పుడే నాడి 110 దాటినవాళ్లు, ఛాతీలో నొప్పి ఉన్నవాళ్లు, ఈమధ్య కళ్లు తిరిగి పడినవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, హిమోగ్లోబిన్ 7 కంటే తక్కువని తెలిసినవాళ్లు మెట్ల జోలికి పోవద్దు. వీళ్లు కొలతలు మాని డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. మిగిలినవాళ్లు కూడా ఒంటరిగా ఉన్నప్పుడు చేయకండి.

మొదట: కూర్చున్నప్పటి నాడి

పొద్దున కాఫీ, టీ తాగకముందు, జ్వరం లేని రోజున చూడండి. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి, ఫోన్ పక్కన పెట్టండి. అరచెయ్యి పైకి తిప్పి, బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర చూపుడు వేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో పట్టుకోవద్దు, దానికి సొంత కొట్టు ఉంటుంది, మీ నాడే లెక్కలోకి వస్తుంది. గడియారం చూసి పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పెద్దవాళ్లకు 60 నుంచి 100 మామూలు.

లెక్కపెట్టేటప్పుడే కొట్లు సమానంగా పడుతున్నాయా గమనించండి. రక్తహీనతలో నాడి వేగంగా ఉంటుంది గానీ తాళం తప్పదు. గజిబిజిగా, ఒకటి పెద్దది ఒకటి చిన్నది, మధ్యలో ఖాళీలతో పడుతుంటే అది వేరే సంగతి, ఈసీజీ తీయించాలి.

ఊపిరి లెక్కకు మా నర్సుల చిట్కా ఒకటుంది. మనిషికి చెప్పి లెక్కపెడితే ఊపిరి మారిపోతుంది. అందుకని నాడి చూడటం అయిపోయినా చెయ్యి వదలకుండా, ఇంకా నాడి చూస్తున్నట్టే ఉండి, భుజం లేదా పొట్ట పైకి లేవడం ఒక నిమిషం లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు.

వదినకు కూర్చున్నప్పుడు నాడి 92, ఊపిరి 18. రెండూ మామూలు హద్దులోనే ఉన్నాయి. క్లినిక్‌లో చూసినప్పుడూ ఇవే. ఇక్కడే ఆగిపోతే ఏమీ దొరకదు.

తర్వాత: లేచి నిలబడ్డాక

లేచి నిలబడి, దేనికీ ఆనుకోకుండా, రెండు నిమిషాల తర్వాత మళ్లీ లెక్కపెట్టండి. 10, 15 పెరగడం మామూలే. వదినకు 106 వచ్చింది. 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగితే ఒంట్లో నీరు తగ్గిందేమో, రక్తం పోతోందేమో చూడాలి. విరేచనాలు, ఎండదెబ్బ, నల్లటి మలం ఉన్నాయా అడగాలి. ఇవేవీ లేకుండా నిలబడితేనే దడ, కూర్చుంటే మామూలు అన్నది నెలల తరబడి సాగుతుంటే ఆ మాట డాక్టర్‌కు విడిగా చెప్పండి.

అసలు కొలత: మెట్లు

ఏ మెట్లు ఎంచుకున్నా ప్రతిసారీ అవే ఉండాలి, అన్నే ఎక్కాలి, చేతిలో బరువు ఉండకూడదు. మీ మామూలు నడకతోనే ఎక్కండి. ఎక్కడానికి పట్టిన సెకన్లు కూడా రాసుకోండి. లేకపోతే వచ్చే నెల నెమ్మదిగా ఎక్కి, నాడి తగ్గిందని మురిసిపోతారు.

పైకి చేరగానే, కూర్చోకముందే, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. ఇప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టకూడదు, ఆ నిమిషంలోనే నాడి దిగిపోతూ ఉంటుంది. తర్వాత కూర్చుని, ఒక నిమిషం దగ్గర, మూడు నిమిషాల దగ్గర మళ్లీ 15 సెకన్ల చొప్పున చూడండి. పైకి చేరిన వెంటనే ఒక పొడుగాటి వాక్యం ఆపకుండా చెప్పించండి. మేము వదినతో ఇంటి అడ్రసు పిన్‌కోడ్‌తో సహా చెప్పించేవాళ్లం. మధ్యలో ఎన్నిసార్లు ఊపిరి పీల్చుకుందో చూస్తే ఆయాసం ఎంతో తెలిసిపోతుంది.

ఆ రోజు వదిన 34 మెట్లు 40 సెకన్లలో ఎక్కింది. నాడి 148, ఒక నిమిషానికి 128, మూడు నిమిషాలకు 112. అడ్రసు చెప్పడానికి నాలుగుసార్లు ఆగింది. ఆక్సీమీటర్ 98 దగ్గరే ఉంది. అదే మెట్లు నేనెక్కితే, నాకు ఆవిడ కంటే ఆరేళ్లు ఎక్కువైనా, 108 వచ్చింది, ఒక నిమిషానికే 86కి దిగింది.

ఆక్సీమీటర్ వాడదలుచుకుంటే గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలికి పెట్టండి. మెట్లెక్కాక ఆ అంకె 94 కంటే దిగజారితే అది ఒట్టి రక్తహీనత కాదు. ఊపిరితిత్తుల్లోనో గుండెలోనో ఏదో ఉంది, ఆ రోజే చూపించుకోవాలి. ఆక్సీమీటర్ రెండో అంకె నాడిది. అది కొంచెం వెనకబడి చూపిస్తుంది, కాబట్టి పైకి చేరిన వెంటనే వేలితో లెక్కపెట్టిందే నమ్మండి.

ఈ అంకెలను ఎలా చదవాలి

నాడి, ఆయాసం కలిసి పెరిగి, నెమ్మదిగా కలిసి దిగుతూ, ఆక్సీమీటర్ నిలకడగా ఉంటే రక్తహీనతకు సరిపోయే బొమ్మ అది. ఆ బొమ్మ చూసి జబ్బు ఖాయం చేసుకోకండి, రక్తపరీక్ష చేయించుకోండి. వ్యాయామం బొత్తిగా లేనివాళ్లకూ, జ్వరం నుంచి లేచినవాళ్లకూ ఇలాగే ఉండవచ్చు.

ఆయాసం ఎక్కువై నాడి అంతగా పెరగకపోతే మందుల కవరు చూడండి. బీపీకో, గుండెదడకో మెటోప్రొలాల్, అటెనొలాల్ లాంటివి వాడుతుంటే అవి నాడిని పట్టి ఉంచుతాయి. హిమోగ్లోబిన్ తక్కువైనా వాళ్లకు దడ తెలియదు, ఆయాసం, నీరసం మాత్రమే తెలుస్తాయి. పిల్లికూతలు వినపడితే ఆస్తమా వైపు చూడాలి.

కూర్చున్నా, రాత్రి పడుకున్నా నాడి 100 పైనే ఉంటూ, చేతులు వణుకుతూ, తిన్నా బరువు తగ్గుతుంటే థైరాయిడ్ చూపించుకోవాలి. వెల్లకిలా పడుకుంటే ఆయాసం వచ్చి, లేచి కూర్చుంటే తగ్గుతుంటే, పాదాలు వాచుతుంటే గుండె అలిసిపోతున్నట్టు. దీర్ఘకాలం బాగా తక్కువ హిమోగ్లోబిన్‌తో పరుగెత్తిన గుండె కూడా ఈ స్థితికి వస్తుంది. చిన్నప్పుడు కీళ్లవాతపు జ్వరం వచ్చి కవాటం దెబ్బతిన్నవాళ్లకు ఇది ఇంకా ముందే వస్తుంది, నాడి వేగం పెరగడమే వాళ్లకు పడదు.

హిమోగ్లోబిన్ 11 ఉండి మెట్లకు నాడి 150 అవుతుంటే ఆ 11ని నిందించి ఊరుకోకండి. లెక్క కుదరడం లేదు. ఇంకో కారణం వెతకాలి.

రక్తపరీక్షలో ఏం చూడాలి

ల్యాబ్‌లో సీబీపీ అని అడిగితే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దుల ప్రకారం మగవాళ్లకు 13, ఆడవాళ్లకు 12, గర్భిణులకు 11, వాళ్లకే నడిమి మూడు నెలల్లో 10.5 కంటే తక్కువైతే రక్తహీనత. కంటి రెప్ప కింద ఎర్రదనం, అరచేతి గీతలు చూసి చెప్పేవాళ్లను నమ్మకండి. బాగా తక్కువైతే తప్ప కంటికి తెలియదు.

వదినకు 7.1 వచ్చింది. పైన వేసిన లెక్కలో రెండో ఆవిడ తనే. ఆ కాగితంలోనే ఎంసీవీ అని ఇంకో అంకె ఉంటుంది, ఎర్రకణం సైజు అది. 80 కంటే తక్కువైతే కణాలు చిన్నవి, మన దగ్గర ఎక్కువగా ఇనుము లోపం. వదినది 64. 100 దాటితే బీ12, ఫోలిక్ యాసిడ్ వైపు చూడాలి. ఐరన్ నిల్వ చెప్పేది ఫెరిటిన్. 15 కంటే తక్కువైతే నిల్వ అడుగంటినట్టే, ఆవిడకు 4 వచ్చింది. ఫెరిటిన్ బాగానే ఉండి కణాలు మాత్రం చిన్నవిగా ఉంటే పుట్టుకతో వచ్చే తలసీమియా లక్షణం ఉందేమో పరీక్షించాలి. వాళ్లకు ఐరన్ మాత్రలు ఊరికే మింగించకూడదు.

అంతకంటే ముఖ్యమైన ప్రశ్న, ఇనుము ఎటు పోతోంది? వదినను అడిగితే రెండేళ్లుగా నెలసరి ఎనిమిది రోజులు ఉంటోందని, రక్తపు గడ్డలు పడుతున్నాయని అప్పుడు చెప్పింది. "అందరికీ అంతేగా" అనుకుందట. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కణితి కనపడింది. మగవాళ్లకు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లకు ఇనుము తగ్గితే కడుపులోనో పేగుల్లోనో రక్తం పోతోందేమో తప్పకుండా చూడాలి. మాత్రలిచ్చి పంపేస్తే సరిపోదు.

మందు వేసుకునే పద్ధతి

మా అమ్మ వెంటనే బీట్‌రూట్, దానిమ్మ తెప్పించింది. లెక్క చూడండి. 55 కిలోల మనిషి హిమోగ్లోబిన్‌ను 7 నుంచి 13కి తెచ్చి, నిల్వలు కూడా నింపాలంటే సుమారు 1,300 మి.గ్రా. ఇనుము ఒంట్లోకి చేరాలి. వంద గ్రాముల బీట్‌రూట్‌లో ఉండేది ఒక మిల్లీగ్రాము కూడా కాదు, అందులోనూ ఒంటికి పట్టేది కొంచెమే. రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం కాదు. తినండి, కాదనను. కానీ 7 ఉన్నప్పుడు మాత్రలే కావాలి.

డాక్టర్ రోజుకొక ఐరన్ మాత్ర రాశారు. పరగడుపున నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుంది. వదినకు రెండో రోజే వికారం మొదలై మానేయబోయింది. అడిగితే రోజు విడిచి రోజు వేసుకోమన్నారు, ఆ మార్పు ఆవిడకు కుదిరింది. ఒక మోతాదు పడ్డాక కాలేయం విడుదల చేసే హెప్సిడిన్ ఆ రోజంతా పేగుల్లో ఇనుము తలుపు కొంత మూసి ఉంచుతుంది. కాబట్టి రోజు విడిచి వేసుకున్నా ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ శాతం పడుతుంది. మాత్రకు ముందూ వెనకా ఒక గంట, వీలైతే రెండు గంటలు టీ, కాఫీ, పాలు, కాల్షియం మాత్ర వద్దు. మలం నల్లబడితే భయపడకండి, అది మాత్ర రంగు. తారులా జిగురుగా, చెడు వాసనతో ఉంటే మాత్రం చూపించుకోవాలి.

రక్తం ఎక్కించమని మా అన్నయ్య పట్టుబట్టాడు. ఆవిడ కూర్చున్నప్పుడు బాగానే ఉంది, రక్తం ఒక్కసారిగా పోవడం లేదు, అందుకే డాక్టర్ వద్దన్నారు. ఒక్క అంకె చూసి ఆ నిర్ణయం తీసుకోరు. పైగా చాలాకాలంగా తక్కువ రక్తంతో నెట్టుకొచ్చిన గుండెకు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదం ఉంది. మాత్రలు బొత్తిగా పడనివాళ్లకు నరం ద్వారా ఇచ్చే ఐరన్ ఉంది.

మెట్ల పుస్తకం

వదిన క్యాలెండర్ వెనక ప్రతి ఆదివారం మెట్ల అంకెలు రాసింది. మొదటి రెండు వారాలు పెద్దగా తేడా లేదు, 148 కాస్తా 142 అయింది. ఎముక మూలుగలో కొత్త కణాలు తయారై బయటికి రావడానికి వారం, పది రోజులు పడుతుంది, ఆపైనే హిమోగ్లోబిన్ కదులుతుంది. నాలుగో వారానికి హిమోగ్లోబిన్ 9, మెట్లెక్కాక నాడి 128. ఎనిమిదో వారానికి 10.8, నాడి 116. పన్నెండో వారానికి 12.1, నాడి 106, ఒక నిమిషంలో 88. అడ్రసు ఒక్క ఊపిరిలో పిన్‌కోడ్‌తో సహా చెప్పేసి, "ఇంకేం చెప్పను?" అంది.

నాలుగు వారాల్లో హిమోగ్లోబిన్ కనీసం ఒక గ్రాము పెరగకపోతే, మాత్ర నిజంగా వేసుకుంటున్నారా, టీతో వేసుకుంటున్నారా, రక్తం ఇంకా పోతోందా, అసలు జబ్బు వేరేదా అని ఈ వరుసలోనే చూడండి. హిమోగ్లోబిన్ పెరిగినా మెట్ల నాడి దిగకపోతే గుండెకు ఎకో, థైరాయిడ్ పరీక్ష అడగండి.

ఎక్కువమంది తప్పు చేసేది పన్నెండో వారంలో. దడ తగ్గింది కదా అని మాత్రలు ఆపేస్తారు. అప్పటికి రక్తం నిండింది గానీ నిల్వ ఖాళీగానే ఉంటుంది. హిమోగ్లోబిన్ మామూలు అయ్యాక ఇంకో మూడు నెలలు వేసుకుని, ఫెరిటిన్ చూసుకుని ఆపాలి. వదిన ఫైబ్రాయిడ్‌కు మందులు నడుస్తున్నాయి, నెలసరి ఐదు రోజులకు తగ్గింది. ఇప్పుడు ఆదివారాలు కాదు, నెలకోసారి మెట్ల నాడి చూసుకుంటోంది. మొన్న డిసెంబరులో అది 106 నుంచి 122కి ఎక్కితే, ఒంట్లో ఏమీ తెలియకముందే వెళ్లి సీబీపీ చేయించుకుంది. 10.4 వచ్చింది. అంతకుముందు రెండు నెలలూ నెలసరి మళ్లీ ఎక్కువైన మాట అప్పుడు గుర్తొచ్చింది.